చీటీ లేని వైద్యం



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు కమ్యూనిటీ మెడిసిన్ చెప్పేవారు. థీసిస్ సినాప్సిస్ పట్టుకెళ్తే ఆయన కళ్లు ముందు ‘శాంపుల్ సైజు’ పేరా మీద పడేవి. ఆ పేరా సరిగ్గా లేకపోతే మిగతా పేజీలు తిప్పేవారు కాదు. ఈరోజు నేను చెప్పబోయే పద్ధతిలో ఆ పేరాను మొదట్లోనే ఖాయం చేసి రాయడం కుదరదు. ఆయన ఉండి ఉంటే ఈ మాటకే నన్ను నిలబెట్టి అడిగేవారు. ఆయన అడిగినట్టే భావించి జవాబు చెప్పుకొస్తాను.

డాక్టర్లకు డిప్రెషన్ వస్తుందని చెప్పడానికి కొత్త అధ్యయనం అక్కర్లేదు. రెసిడెంట్ డాక్టర్ల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కూర్చి 2015లో జామా పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. అందులో సుమారు 28.8 శాతం మందిలో డిప్రెషన్ గానీ, దాని లక్షణాలు గానీ కనిపించాయి. మరుసటి ఏడాది అదే పత్రికలో వైద్య విద్యార్థుల గురించి వచ్చిన విశ్లేషణలో ఆ సంఖ్య 27.2 శాతం. ఆ రెండో వ్యాసంలో నన్ను పట్టుకున్న అంకె వేరే ఉంది. స్క్రీనింగ్‌లో డిప్రెషన్ ఉన్నట్టు తేలిన విద్యార్థుల్లో మానసిక వైద్యం తీసుకున్నవాళ్లు 15.7 శాతమే.

మరి నూటికి మిగతా 84 మంది ఏం చేశారు? సర్వే ఫారంలో దీనికి ఒక గడి ఉంటుంది: ‘వైద్యం తీసుకోలేదు’. దాని కింద కారణాల గడులు: సమయం లేదు, నలుగురికీ తెలుస్తుందని భయం, కెరీర్ దెబ్బతింటుందని భయం. ఈ గడులను తయారుచేసినవాళ్లు జవాబులు ముందే ఊహించారు. ఊహించనిది జరిగితే అది పడే గడి ఆ ఫారంలో లేదు. గ్రౌండెడ్ థియరీ అవసరం పడేది ఇక్కడే. ఎంతమంది అన్నది ఈ పద్ధతి చెప్పలేదు. ఏం జరుగుతోంది, అది ఎప్పుడు మారుతోంది అన్నదే దీని ప్రశ్న.

ఈ పద్ధతి పుట్టింది కూడా ఆసుపత్రి వార్డుల్లోనే. 1960లలో బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో, చావుకు దగ్గరపడ్డ రోగుల చుట్టూ ఎవరికి ఏం తెలుసో, ఎవరు ఏం దాస్తున్నారో గమనించారు. 1965లో దాని మీద వాళ్ల పుస్తకం వచ్చింది. ఆ పని ఎలా చేశారో వివరిస్తూ 1967లో ఇంకో పుస్తకం రాశారు. దానితోనే ఈ పద్ధతికి గ్రౌండెడ్ థియరీ అన్న పేరు స్థిరపడింది. ఆ మొదటి పుస్తకంలో వాళ్లు గుర్తించిన ఒక స్థితి ఉంది: చనిపోతానని రోగికి తెలుసు, డాక్టరుకు తెలుసు, నర్సుకు తెలుసు, అయినా అందరూ తెలియనట్టే నడుచుకుంటారు. డిప్రెషన్‌లో ఉన్న డాక్టరు చుట్టూ ఉండే డ్యూటీ రూము కూడా ఇలాగే ఉంటుందని మీకు ఈపాటికి అనిపించే ఉంటుంది. నాకూ అనిపించింది. కానీ ఎదుటి మనిషి మాటల్లోంచి రాకుండా ఆ భావాన్ని అరువు తెచ్చుకుంటే వాళ్ల నియమాన్నే తప్పినట్టు. దాన్ని ఒక మెమోలో రాసి పక్కన పెట్టుకోవాలి. మెమో అంటే ఏమిటో కాసేపట్లో చెబుతాను.

ఇకనుంచి చెప్పబోయేది నేను కూర్చిన నమూనా అధ్యయనం. ఇందులోని మనుషులు కల్పితులు, వాళ్ల మాటలు నేను రాసినవి. పద్ధతి ఎలా నడుస్తుందో చూపించడమే నా ఉద్దేశం. వీటిని ఫలితాలుగా ఎక్కడా ఉటంకించకండి.

తెలుగు రాష్ట్రాల్లో డిప్రెషన్‌తో బాధపడ్డ డాక్టర్లు సహాయం కోసం ఏం చేశారన్నది మన ప్రశ్న. మొదటి ఇద్దరు ముగ్గుర్ని మామూలుగానే ఎంచుకుంటాం. విషయం తెలిసినవాళ్లు, మాట్లాడడానికి ఒప్పుకున్నవాళ్లు అయితే చాలు. మొదటి మనిషి జిల్లా కేంద్రంలో సొంత నర్సింగ్ హోమ్ ఉన్న ఫిజీషియన్. ఆయన అన్నది ఇది:

“నిద్ర పట్టట్లేదని మొదలుపెట్టా. కింద మెడికల్ షాపు మనదే కదా, ఎస్సిటలోప్రామ్ టెన్ తెప్పించుకున్నా. ఆర్నెల్లు వాడా. తర్వాత మా బ్యాచ్‌మేట్, సైకియాట్రిస్టు వాడు, పెళ్లిలో కలిస్తే పక్కకి తీసుకెళ్లి అడిగా. డోసు పెంచమన్నాడు. చీటీ గీటీ ఏం లేదు.”

చదవగానే చెయ్యి ‘సెల్ఫ్ మెడికేషన్’ అనో ‘స్టిగ్మా’ అనో రాయబోతుంది. రాయకండి. అవి మనం పుస్తకాల నుంచి వెంటబెట్టుకొచ్చిన మాటలు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఈ మనిషి ఇక్కడ ఏం చేస్తున్నాడు అని అడగాలి. నిద్ర పేరు చెప్పి మొదలుపెట్టడం. సొంత షాపు నుంచి తెప్పించుకోవడం. ఆసుపత్రి కాని చోట అడగడం. చీటీ లేకుండా చూసుకోవడం. ఇవే మొదటి కోడ్‌లు. ఇలా రాసుకున్నాక ఒక విషయం బయటపడుతుంది. సర్వేలో ఈయన ‘వైద్యం తీసుకోలేదు’ గడిలో ఉంటాడు. నిజానికి మందు వాడాడు, స్పెషలిస్టు సలహా కూడా అడిగాడు. ఆయన తప్పించుకున్నది వైద్యాన్ని కాదు, రోగిగా నమోదు కావడాన్ని. ‘చీటీ లేని వైద్యం’ అన్నది ఇప్పటికి ఒక అనుమానం మాత్రమే. దాన్ని కేటగిరీ అనాలంటే ఇంకా చాలా పని ఉంది.

తర్వాత ఎవరిని కలవాలి? శాంప్లింగ్‌లో అసలు కిటుకు ఈ ప్రశ్నే. మామూలు అలవాటు ప్రకారం ఇంకో పదిమంది ఫిజీషియన్లను, లేదా ప్రతి స్పెషాలిటీ నుంచి ఇద్దరేసి మందిని పిలుస్తాం. గ్రౌండెడ్ థియరీలో అలా కాదు. చేతిలో ఉన్న అనుమానం ఎక్కడ విరిగిపోవచ్చో అక్కడికి వెళ్లాలి. ఈయనకు సొంత మెడికల్ షాపు ఉంది, చనువున్న బ్యాచ్‌మేట్ ఉన్నాడు. ఈ రెండూ లేనివాళ్లు ఏం చేస్తారు? అందుకని ప్రభుత్వ బోధనాసుపత్రిలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి దగ్గరికి వెళ్తాం. “మా సైకియాట్రీ ఓపీలో చీటీ రాసేది మా హాస్టల్ మేటే సార్. పక్క ఊళ్లో ప్రైవేటుకి పోయా. వృత్తి దగ్గర టీచర్ అని రాయించా. రెండుసార్లు పోయా, తర్వాత సెలవు దొరకలేదు” అంటుందామె. ఇక్కడ చీటీ ఉంది. కానీ దాని మీదున్న మనిషి డాక్టరు కాదు. అనుమానం విరగలేదు, కొంచెం ఆకారం మార్చుకుంది. మందు ఎలా సంపాదించారన్నదానికంటే కాగితం మీద ఎవరిని నిలబెట్టారన్నది ముఖ్యమవుతోంది.

ఇలా ఒక్కో ఇంటర్వ్యూ రాసుకుని, కోడ్ చేసి, పోల్చి చూశాకే తర్వాతి మనిషి ఎవరో తేలుతుంది. దీన్ని థియరిటికల్ శాంప్లింగ్ అంటారు. జనాభాకు ప్రతినిధులను ఎంచుకోవడం దీని పని కాదు. అందుకే మాస్టారి ‘శాంపుల్ సైజు’ పేరా ఇక్కడ ఒదగదు. ఎథిక్స్ కమిటీకి మాత్రం ఏదో ఒక అంకె ఇవ్వాలి. ‘సుమారు 20 నుంచి 30 మంది, విశ్లేషణను బట్టి ఎంపిక, ప్రశ్నావళి మారతాయి, మార్పులు కమిటీకి తెలియజేస్తాం’ అని రాస్తే చాలా కమిటీలు ఒప్పుకుంటాయి. అన్ని ఇంటర్వ్యూలూ ఒకే నెలలో పూర్తిచేసి, ఆనక కోడ్ చేద్దామని కూర్చున్నవాళ్లు థియరిటికల్ శాంప్లింగ్ చేశామని రాయకూడదు. థీసిస్‌లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. ఇంటర్వ్యూ తేదీలు, కోడింగ్ తేదీలు పక్కపక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో చిక్కు మన వృత్తికి ప్రత్యేకం. డాక్టర్ని డాక్టరే ఇంటర్వ్యూ చేస్తే కీలకమైన చోట ఎదుటివాడు “మీకు తెలియనిదేముంది” అంటాడు. మనం తల ఊపుతాం. రికార్డులో ఆ చోట ఏమీ ఉండదు. ఆయన చెప్పకుండా వదిలేసినదాన్ని మనం మన అనుభవంతో నింపేసి, అది ఆయన చెప్పిందనుకుంటాం. అలా అన్నప్పుడు “తెలుసు గానీ, మీ దగ్గర ఎలా జరిగిందో చెప్పండి” అనడం అలవాటు చేసుకోవాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ‘మీకు తెలుసు కదా’లు లెక్కపెట్టి చూడండి. ఎక్కువ ఉంటే, ఇంటర్వ్యూ చేసినవాడు పరిశోధకుడిగా కాక కొలీగ్‌గా కూర్చున్నాడని అర్థం.

ఇక మెమో. విద్యార్థులు దీన్ని ఇంటర్వ్యూ సారాంశం అనుకుంటారు. సారాంశంలో ఎదుటివాడు ఏం చెప్పాడో ఉంటుంది. మెమోలో మన ఆలోచన ఉంటుంది. పైన చెప్పిన ఇద్దరి తర్వాత మొదటిసారి మెమో రాసే డాక్టరు చెయ్యి ఇలా సాగుతుంది: ‘మొదటి వ్యక్తి డినయల్‌లో ఉన్నారు. ఇన్‌సైట్ పాక్షికం. రెండో వ్యక్తి ఫాలో అప్ సరిగా లేదు.’ చూశారుగా, ఇది కేస్ షీట్. మనుషులకు డయాగ్నోసిస్ ఇచ్చింది, వాళ్లు చేస్తున్న పని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఏళ్ల తరబడి కేస్ షీట్లు రాసిన చెయ్యి, తప్పదు. సరిచూసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. మెమోలో ప్రతి వాక్యానికీ కర్త మనిషే అయితే అది కేస్ షీట్. కర్తగా ఒక పని గానీ, ఒక పరిస్థితి గానీ నిలబడితే మెమో మొదలైనట్టు. అదే చోట రాయదగ్గ మెమో ఇలా ఉండొచ్చు:

‘చీటీ లేని వైద్యం: మెమో 3. ఫిజీషియన్ దగ్గర చీటీయే లేదు. పీజీ దగ్గర చీటీ ఉంది, దాని మీది వృత్తి అబద్ధం. రెండింట్లోనూ వైద్యం జరిగింది. డాక్టరు అన్న గుర్తింపును, రోగి అన్న గుర్తింపును ఒకే కాగితం మీదికి రానివ్వకపోవడమే ఇద్దరూ చేసిన పని. దీనికి ఖరీదు ఉందా? ఫిజీషియన్‌కి సొంత షాపు ఉంది కాబట్టి ఆర్నెల్లు గడిచాయి. పీజీకి ప్రయాణం, డబ్బు, సెలవు కావాలి కాబట్టి రెండు విజిట్లతో ఆగింది. అంటే గుట్టు నిలుపుకోవడానికి వనరులు కావాలి. అవి అయిపోతే ఏమవుతుంది? ఎవరికి తెలియకూడదని ఈ తంటా? రోగులకా? ఇద్దరూ చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత: వనరులు అయిపోయినవాళ్లు. మొదటి వ్యక్తిని మళ్లీ అడగాలి.’

ఈ మెమోలో భాష సొగసుగా లేదు, ఉండక్కర్లేదు. ఇందులో పోలిక ఉంది, దాంట్లోంచి వచ్చిన ఒక ఊహ ఉంది, మనకు తెలియనిదేమిటో ఉంది, తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో ఉంది. తేదీ కూడా వేయాలి. ఆరు నెలల తర్వాత థియరీ ఎక్కడ మలుపు తిరిగిందో చూపించాల్సి వస్తే అది చూపించేది ఈ తేదీ వేసిన మెమోలే. కోడ్ చేస్తుండగా ఆలోచన తడితే కోడింగ్ ఆపి మెమో రాయమంటారు గ్లేజర్. రేపు రాద్దామనుకున్న ఊహ రేపటికి సాదాసీదా వాక్యంగా మిగులుతుంది.

ఇప్పుడు మన నమూనాను ముందుకు నడిపిద్దాం. 14 మందితో మాట్లాడాం అనుకోండి. చివరి మూడు ఇంటర్వ్యూల్లో కొత్త కోడ్ ఒక్కటీ రాలేదు. అవే కథలు: భార్య పేరు మీద మందులు, మెడికల్ రెప్ ఇచ్చిన శాంపుల్స్, హైదరాబాద్‌లో కాన్ఫరెన్స్‌కి వెళ్లినప్పుడు చూపించుకోవడం. విద్యార్థి ఊపిరి పీల్చుకుని ‘సాచురేషన్ వచ్చింది’ అని రాసేస్తాడు. ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ పద్ధతిలో ఎక్కువమంది పొరబడేది ఈ మాట దగ్గరే.

విన్నదే మళ్లీ వినిపించడం సాచురేషన్ కాదు. 1967 పుస్తకం చెప్పిన అర్థంలో, ఒక కేటగిరీకి ఉన్న గుణాలకు కొత్త డేటా ఇంకేమీ చేర్చలేని దశే సాచురేషన్. అంటే లెక్క చూడాల్సింది ఇంటర్వ్యూలది కాదు, గుణాలది. మన కేటగిరీకి ఇప్పటికి తేలిన గుణాలు ఏమిటి? గుట్టు ఎవరికి తెలుసు. కాగితం ఎవరి పేరు మీద ఉంది. ఏ ఊళ్లో జరిగింది. ఎప్పటి దాకా నిలిచింది. మొదటి మూడింటికీ 14 మంది దగ్గరా రకరకాల ఉదాహరణలు దొరికాయి. నాలుగోదాన్ని పట్టుకుని ట్రాన్స్‌క్రిప్ట్‌లు తిరగేస్తే చేతికి ఏమీ తగలదు. ఆ 14 మందిలో ఎవరి గుట్టూ రట్టు కాలేదు. ఎందుకు కాలేదు? మనం ప్రకటన ఇచ్చాం, మాట్లాడడానికి తమంత తాము వచ్చినవాళ్లనే విన్నాం. గుట్టు నిలుపుకోగలిగినవాళ్లే ధైర్యంగా వచ్చారు. ఒకే గుంపులో తిరుగుతూ ఉంటే ఏ కేటగిరీ అయినా నిండినట్టే కనిపిస్తుంది.

కాబట్టి పదిహేనో మనిషి, అన్నీ బయటపడినవాడు కావాలి. ఆయన్ని మనం వెతుక్కుంటూ వెళ్లకూడదు. డాక్టర్లకు వైద్యం చేసే సైకియాట్రిస్టులకు ఒక ఉత్తరం ఇస్తాం. ఇష్టమైనవాళ్లే మనకు ఫోన్ చేస్తారు. పేర్లు సైకియాట్రిస్టు మనకు చెప్పరు, ఎవరు ఫోన్ చేశారో మనం ఆయనకు చెప్పం. ఇంటర్వ్యూ మధ్యలో పరిస్థితి బాగాలేదనిపిస్తే ఎవరిని పిలవాలో ముందే కాగితం మీద ఉంటుంది. ఈ సంగతులు త్వరగా దాటేస్తున్నాను గానీ ఇవి లేనిదే ఆ పదిహేనో మనిషి రాడు.

వచ్చినాయన ఒక సర్జన్. భార్య పట్టుబట్టి వేరే ఊళ్లో అడ్మిట్ చేయించింది. పది రోజుల్లో ఊరంతా తెలిసింది. ప్రాక్టీస్ ఏమైందని అడిగితే ఆయన జవాబు: “పేషెంట్లేం తగ్గలేదండీ. ‘ఎలా ఉన్నారు డాక్టరుగారూ’ అని పళ్లు కూడా తెచ్చారు. తగ్గింది రిఫరల్స్. నాకు కేసులు పంపే ఫిజీషియన్లు పంపడం మానేశారు. ఎవరూ ఏం అనలేదు, ఊరికే మానేశారు.”

ఈ నాలుగు మాటలతో కేటగిరీ ఒక్కసారి కదులుతుంది. మెమో 3లో ‘ఎవరికి తెలియకూడదని’ అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. జవాబు ఇక్కడ కనిపిస్తోంది. వెంటనే పాత ట్రాన్స్‌క్రిప్ట్‌లకు తిరిగి వెళ్లాలి. మొదటి ఫిజీషియన్ సంభాషణ మళ్లీ చదివితే, ఆయన మందు తెప్పించింది కాంపౌండర్‌తోనే అని, డ్రైవర్‌కి అంతా తెలుసని ఉంటుంది. వాళ్ల దగ్గర ఆయనకు దాపరికమే లేదు. బ్యాచ్‌మేట్ వేరే జిల్లావాడు. తెలియనివ్వనిది తన ఊళ్లోని తోటి డాక్టర్లకే. పీజీ అమ్మాయి భయపడ్డదీ తన హాస్టల్ మేట్ గురించే. ఇవన్నీ ముందునుంచీ పేజీల మీద ఉన్నాయి. పోల్చడానికి సర్జన్ దొరికాకే కంటికి ఆనాయి.

కొత్త ఊహ వచ్చింది కాబట్టి దాన్ని విరగ్గొట్టే చోటు మళ్లీ వెతకాలి. గుట్టంతా తోటి డాక్టర్ల నమ్మకం కోసమే అయితే, ఆ నమ్మకం మీద బతుకు ఆధారపడనివాళ్లు అంత దాచుకోకూడదు. రిఫరల్స్‌తో పనిలేని మనిషి ఎవరు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్. ఆయనకు కేసులు పంపేవాళ్లెవరూ లేరు, జీతం ట్రెజరీ నుంచి వస్తుంది. అలాంటి ఇద్దరితో మాట్లాడితే ఒకాయన జిల్లా ఆసుపత్రి ఓపీలో సొంత పేరుతో చీటీ రాయించుకుని మందులు తీసుకున్నానంటాడు. ఊహ నిలిచింది. రెండో ఆయన మాత్రం దాచాడు. ఎందుకని అడిగితే, పీజీ సీటు కోసం ప్రయత్నిస్తున్నానని, రేపు ఏ డిపార్ట్‌మెంట్‌లో చేరతానో అక్కడికి ఈ సంగతి ముందే చేరుతుందని అంటాడు. ఉన్న ఉద్యోగం కాదు, రాబోయే స్థానం ఆయన చేత దాయించింది. ఊహ విరగలేదు, దానికి కాలం అన్న గుణం చేరింది. తర్వాత కలిసిన ముగ్గురి అనుభవాలూ ఈ గుణాల్లోనే ఇమిడిపోయాయి. ‘చీటీ లేని వైద్యం’ నిండిందని అనగలిగేది ఇప్పుడు, 20 మంది తర్వాత. పద్నాలుగో మనిషి దగ్గర ఆగి ఉంటే మన థియరీ ‘డాక్టర్లు సమాజానికి భయపడి దాచుకుంటారు’ అని తేల్చి ఉండేది. దాన్ని నమ్మి పరిష్కారాలు వెతికితే ప్రజల్లో అవగాహన పోస్టర్ల దగ్గర తేలతాం.

అంకెలు అడిగేవాళ్లు తరచూ రెండు అధ్యయనాలు చూపిస్తారు. 2006లో గెస్ట్ బృందం ఘనా, నైజీరియాల్లో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను తిరిగి పరిశీలించి, మొదటి పన్నెండింటిలోనే సాచురేషన్ వచ్చిందని రాసింది. ఆ పన్నెండును ఎన్నో థీసిస్‌లు తాయెత్తులా కట్టుకుని తిరుగుతున్నాయి. వాళ్లు చూసింది థీమ్‌లను, అదీ దాదాపు ఒకే రకం మనుషుల దగ్గర, ఒకే ప్రశ్నావళితో. 2017లో హెనింక్ బృందం 25 ఇంటర్వ్యూలతో ఇంకాస్త లోతుగా చూసింది. ఏయే విషయాలున్నాయో తేలడానికి 9 ఇంటర్వ్యూలు చాలాయి. వాటి అర్థం పూర్తిగా పట్టుబడడానికి 16 నుంచి 24 దాకా పట్టాయి. మన నమూనాలో పద్నాలుగో దగ్గర ఉన్నది మొదటి రకమే. కోడ్‌లు ఆగిపోయాయి, అర్థం ఇంకా రాలేదు. అసలు ఏ కేటగిరీ అయినా పూర్తిగా నిండుతుందా అని 1999లోనే ఇయాన్ డే అడిగాడు. ‘సరిపడా’ అంటే చాలదా అన్నది ఆయన వాదన. ఆ మాటతో నాకు పెద్ద పేచీ లేదు. ఏ గుణానికి ఎంత సరిపడిందో రాస్తే చాలు.

ఈ పద్ధతి చేరలేని చోటు కూడా ఒకటుంది. ఎవరి సహాయమూ అడగకుండా ప్రాణం తీసుకున్న డాక్టర్లతో మనం మాట్లాడలేం. ‘వనరులు అయిపోతే ఏమవుతుంది’ అన్న మెమో ప్రశ్నకు ఒక జవాబు వాళ్ల దగ్గరే ఉంది. కుటుంబ సభ్యులతో, తోటివాళ్లతో మాట్లాడి చేసే సైకలాజికల్ అటాప్సీ వేరే పద్ధతి. దాన్ని ఈ ఇంటర్వ్యూల్లో కలిపి ఒకే థియరీగా రాయడం నాకు సమ్మతం కాదు. వాళ్లు చేసిన పని గురించి అక్కడ చెప్పేది వాళ్లు కాదు, మిగిలినవాళ్లు.

థీసిస్‌లో సాచురేషన్ గురించి రాసే పేరా ఎలా ఉండాలని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ నమూనాకైతే నేను ఇలా రాయిస్తాను: ‘చీటీ లేని వైద్యం అన్న కేటగిరీకి ఐదు గుణాలు తేలాయి. చివరి గుణం పదిహేడో వ్యక్తి దగ్గర వచ్చింది, తర్వాతి ముగ్గురి దగ్గర కొత్తది రాలేదు. తిరిగి డ్యూటీలో చేరడం అన్న కేటగిరీకి ముగ్గురి అనుభవమే ఉంది. అది నిండలేదు. నర్సింగ్ హోమ్ ఉన్న మహిళా డాక్టర్లు మాకు ఒక్కరే దొరికారు. ఆమె మాటలను, ఊరు గుర్తుపట్టే ప్రమాదం ఉన్నందున, ఉటంకించలేదు.’